ఐడియాలు కాదు, చూసింది రాయండి

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునేవాళ్లలో చాలామంది దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. కాకపోతే ఫోన్‌లో ఒక జాబితా ఉంటుంది. తెరిచి చూస్తే ‘చిరుధాన్యాల టిఫిన్ బండి’, ‘ఇంటికే కూరగాయలు’, ‘పెళ్లిళ్లకు డ్రోన్ ఫొటోలు’ అని ఒక్కో లైను కనిపిస్తుంది. రాసిన రోజు ఆ లైను వెనక బోలెడు ఉత్సాహం ఉండే ఉంటుంది. ఆరు నెలల తర్వాత చదివితే ఆ ఉత్సాహం గుర్తుకు రాదు, అది ఏం చూసి పుట్టిందో అసలే గుర్తుకు రాదు. అందుకే అలాంటి జాబితా ఎంత పొడుగు పెరిగినా అందులోంచి ఒక్కటీ ఎంచుకోలేం.

లోపం రాసే అలవాటులో లేదు, రాసే విషయంలో ఉంది. ‘ఇంటికే కూరగాయలు’ అన్నది ఒక ముగింపు. దానికి ముందు కళ్లు చూసింది ఏమిటో అందులో లేదు. అదే సందర్భాన్ని ఇలా రాశామనుకోండి: ‘ఆదివారం, ఉదయం ఏడున్నర, రైతుబజారు గేటు. అరవై దాటిన ఆవిడ రెండు సంచులూ కింద పెట్టి ఆటో కోసం చూస్తున్నారు. కూరలకు 180 అయింది, ఆటోకి 60. వారానికి ఒక్కసారే వస్తారట. మూడోరోజుకే వడిలిపోతోందని ఆకుకూర కొనడం మానేశారట.’ ఈ నాలుగు ముక్కల్లో ఇంటికి కూరలు చేర్చే పని ఒకటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. ఒకే అపార్ట్‌మెంటుకు వెళ్లేవాళ్లందరికీ కలిపి ఒక ఆటో ఉంది. వారం మధ్యలో ఆకుకూర మాత్రమే తెచ్చే బండి ఉంది. ఆకుకూర నాలుగు రోజులు నిలిచేలా కట్టి ఇచ్చే మార్గం ఉంది. ఏది నిజంగా పనికొస్తుందో ఆరోజు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఐడియా రాస్తే మిగతా దారులు అక్కడే మూసుకుపోతాయి. చూసింది రాస్తే అవి తెరిచే ఉంటాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఒక్కో నమోదులో ఏముండాలి

మంచి నమోదుకు రెండు మూడు నిమిషాలు చాలు. కానీ అది చూసిన రోజే రాయాలి. రాత్రి దాటితే మనసు తనకు నచ్చినట్టు దాన్ని సర్దేసుకుంటుంది. ముందు తేదీ, చోటు. తర్వాత అక్కడున్నది ఎవరు: పేరు అక్కర్లేదు, వాళ్ల పని, వయసు, పరిస్థితి తెలిస్తే చాలు. ఆ తర్వాత ఏం జరిగింది. ఇక్కడివరకు చాలామంది రాస్తారు. తేడా తెచ్చేవి చివరి రెండూ. ఈ ఇబ్బందిని వాళ్లు ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు? అలా నెట్టుకురావడానికి ఎంత డబ్బు, ఎంత సమయం పోతోంది?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు కావాలంటే ఊరికే చూస్తే సరిపోదు, అడగాలి. ‘ఇంటికే తెచ్చిస్తే కొంటారా?’ అని అడిగితే మర్యాద కోసం ఎవరైనా ‘ఆ, ఎందుకు కొనం’ అంటారు. ఆ మాటకు విలువ లేదు. ‘పోయినవారం ఏం చేశారండీ?’ అని అడిగితే జరిగింది చెబుతారు. జరిగినదాన్నే రాయాలి, అదీ వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే. ఎవరైనా ఒక ఇబ్బంది కోసం ఇప్పటికే డబ్బు ఖర్చుపెడుతుంటే, పక్కింటివాళ్లను బతిమాలుతుంటే, సొంతంగా ఏదో అతుకు వేసుకుంటుంటే, అది నిజమైన ఇబ్బంది అన్నమాట. నోటితో విసుక్కుని ఏమీ చేయకుండా ఊరుకుంటుంటే అది వాళ్లు భరించగలిగిన ఇబ్బంది. పరిష్కారం తెచ్చినా దానికి డబ్బు పెట్టరు.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద మాత్రమే రాసి, కుడి పేజీ ఖాళీగా వదలండి. ఆ ఖాళీ తర్వాతి నెలల కోసం. ఫోన్‌లో ఫొటోలు, వాయిస్ రికార్డులు పెట్టుకున్నా తప్పులేదు. కానీ వాక్యం లేని ఫొటో రెండు నెలలకే అర్థం లేనిదైపోతుంది. వారానికి ఒకసారి వాటిని నోట్‌బుక్‌లోకి ఎక్కించాలి.

భీమవరం పక్కన ఒక మోటారు షాపు

ఈ పద్ధతి నెలల తరబడి ఎలా సాగుతుందో చూడాలంటే ఒక నోట్‌బుక్‌ను మొదటి నుంచి చివరిదాకా తిరగేయాలి. అందుకోసం ఒక మనిషిని ఊహించుకుందాం. భీమవరం చుట్టుపక్కల ఊళ్లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు. మనిషీ, లెక్కలూ కల్పితమే కానీ పనిలోని కష్టాలు మాత్రం అక్కడివే.

ముందు ఏరియేటర్ గురించి కొంచెం తెలుసుకోవాలి. రెక్కల చక్రాలు తిరిగి నీళ్లు చిమ్ముతూ చెరువులో ఆక్సిజన్ కలిపే యంత్రం అది. పగలు నీళ్లలోని పాచి ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి పాచీ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. తెల్లవారుజాముకు అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో ఏరియేటర్లు ఆగిపోతే నెలల కష్టం కొద్ది గంటల్లో నీళ్లమీద తేలుతుంది.

మొదటి నెల నోట్‌బుక్‌లో ఇలాంటివి కనిపిస్తాయి.

‘రెండు హార్స్‌పవర్ మోటారు, వైండింగ్ మాడిపోయింది. ఒక ఫేజు పోయినా తిరుగుతూనే ఉందట. ఉండి వైపు నుంచి ఆటోలో తెచ్చాడు, పోనూ రానూ 400. ఎల్లుండి ఇస్తానన్నాను. అప్పటిదాకా ఏం చేస్తారంటే, పక్క చెరువాయన్ని ఒకటి అడిగి తెచ్చుకుంటానన్నాడు.’

‘ఇద్దరు రైతులు. మోటారు ఇవాళే కావాలని గొడవ. రాగి తీగ చుట్టాక వార్నిష్ ఆరకపోతే నాలుగు రోజులకే మళ్లీ పోతుందని చెప్పినా వినలేదు. ఒకాయన వేరే షాపుకి వెళ్లిపోయాడు.’

‘మొన్న పట్టుబడి అయిపోయిన చెరువు గట్టు మీద ఆరు ఏరియేటర్లు వానకి తడుస్తున్నాయి. పంటకీ పంటకీ మధ్య ఎవరూ ముట్టుకోరట. సీడు వేసే ముందురోజు ఆన్ చేసి చూస్తారట.’

ఇందులో ఎక్కడా వ్యాపార ఆలోచన లేదని గమనించండి. ఆయనకు రాలేదని కాదు. మొదటి నమోదు రాస్తున్నప్పుడే ‘ఫేజు పోతే మోటారు ఆపేసే ప్రివెంటర్లు అమ్మాలి’ అని తప్పకుండా అనిపించి ఉంటుంది. మూడు ఫేజుల మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగతా రెండిటి మీద కరెంటు పెరిగి వైండింగ్ మాడిపోతుంది. అలా కాకుండా సరఫరా తెంచేసే పరికరం బజార్లో ఎప్పటి నుంచో ఉంది. మెకానిక్ బుర్రకు వెంటనే తట్టే పరిష్కారం అదే. దాన్ని కుడి పేజీ మూల పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి వదిలేయాలి. ఎడమ పేజీలోకి రానివ్వకూడదు.

రెండో నెలలో ఈ నమోదు వచ్చింది: ‘కాళ్ల వైపు చెరువుకి వెళ్లాను. ప్యానెల్‌లో ప్రివెంటర్ ఉంది. వైర్లు మాత్రం దాన్ని తప్పించి నేరుగా కలిపేశారు. ఎందుకండీ అంటే, “అది పడిపోతే మోటారు బతుకుద్దండి, రొయ్య పోద్దండి. మోటారు కాలితే మీరున్నారు, చెరువు పోతే ఎవరున్నారు?” అన్నారు.’

ఈ ఒక్క నమోదుకు మిగతా పేజీలన్నిటికంటే విలువ ఎక్కువ. మెకానిక్ మనసులో ఉన్న పరిష్కారం తప్పని అది చెబుతోంది. ప్రివెంటర్ రాత్రి మూడింటికి పడిపోతే నిద్రలో ఉన్న కాపలా మనిషికి తెలియదు. ఒక ఫేజుతోనైనా మోటారు కాసేపు తిరిగితే ఆ కాసేపు రొయ్యకు ఊపిరి ఉంటుంది. అందుకే రైతు తెలిసే మోటారును పణంగా పెడుతున్నాడు. ఆయన అజ్ఞానంతో చేస్తున్నాడని అనుకుని ప్రివెంటర్లు అమ్మకానికి పెట్టి ఉంటే, కొన్నవాళ్లు కూడా నెల తిరక్కుండా తీసేసి పక్కన పడేసేవారు.

ఎదురు చెప్పే నమోదును ముందు రాయాలి

చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో ఒక అలవాటు గురించి చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి ఎదురుగా ఉన్న విషయం ఏది కనిపించినా వెంటనే రాసిపెట్టుకోవడం ఆయన నియమం. అనుకూలమైనవాటి కంటే ప్రతికూలమైనవి జ్ఞాపకంలోంచి త్వరగా జారిపోతాయని ఆయన అనుభవంలో తెలుసుకున్నాడు. వ్యాపారం వెతుక్కునేవాళ్లకు ఈ నియమం ఇంకా ఎక్కువ అవసరం. ఒక ఆలోచన మీద మనసు పడ్డాక రోడ్డు మీద కనిపించేదంతా దాన్నే బలపరుస్తున్నట్టు ఉంటుంది. కొనేవాళ్లే కనబడతారు, కొనకుండా వెళ్లిపోయేవాళ్లు కనబడరు.

కాబట్టి ఎదురు చెప్పే నమోదు పక్కన ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టండి. నెలాఖరుకు ఎర్ర గుర్తులు ఒక్కటీ లేకపోతే అది సంతోషించాల్సిన విషయం కాదు. మీరు చూడటం మానేసి, వెతుక్కున్నదే ఏరుకుంటున్నారని అర్థం.

నెలకో గంట

రాయడం సగం పని. మిగతా సగం చదవడం. చాలామంది నోట్‌బుక్‌లు ఇక్కడే చచ్చిపోతాయి, ఎందుకంటే రాసినవాళ్లే వాటిని మళ్లీ తెరవరు. నెలకు ఒక గంట, ఏ ఆదివారమో, పెన్సిల్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదవాలి. ఈ నెల పేజీలే కాదు, మొదటి నుంచి. పాత నమోదుకు కొత్త అర్థం వచ్చేది అప్పుడే.

చదువుతూ ఒకే మాట అడగాలి: ఇది ఇంకెక్కడ కనిపించింది? కలిసేవాటికి ఒకే అక్షరం గుర్తు పెట్టుకోవాలి. గుంపులకు వస్తువుల పేర్లు కాకుండా ఇబ్బంది పేర్లు పెట్టాలి. ‘మోటార్లు’ అని గుంపు కడితే నోట్‌బుక్ మొత్తం అందులోకే వస్తుంది. మన మెకానిక్ మూడు నెలలకు కట్టిన గుంపులు ఇవీ: ‘రిపేరయ్యేదాకా ఎదురుచూపు’, ‘రాత్రి ఆగితే తెలియకపోవడం’, ‘పంటకీ పంటకీ మధ్య ఎవరూ చూడకపోవడం’.

మూడో గుంపు ఎలా పుట్టిందో చూడండి. మొదటి నెలలో గట్టు మీద తడుస్తున్న ఏరియేటర్ల గురించి ఒక నమోదు ఉంది. ఒంటరిగా దానికి ఏ విలువా లేదు. మూడో నెలలో, చాలామంది ఒకేసారి సీడు వేస్తున్న వారంలో, షాపు ముందు మోటార్లు వరస కట్టాయి. ఆయన రాసుకున్నది: ‘ఈ వారం వచ్చినవాటిలో వైండింగ్ పోయినవి తక్కువ. బేరింగులు పట్టేసినవి, తుప్పు పట్టినవి, గేర్‌బాక్స్‌లో నీళ్లు చేరినవే ఎక్కువ.’ ఈ రెండూ పక్కపక్కన చదివితే కారణమూ ఫలితమూ కలిశాయి. వాటి మధ్య రెండు నెలల దూరం ఉంది. జ్ఞాపకశక్తి ఆ దూరాన్ని దాటలేదు, కాగితం దాటుతుంది. నోట్‌బుక్ నెలల తరబడి పెట్టమనడానికి కారణం ఇదే. ఋతువులు, పంటలు, పండగలు, బడులు తెరిచే రోజులు ఒక చుట్టు తిరిగితేగానీ ఏది ఎప్పుడూ ఉండే ఇబ్బందో, ఏది ఆ నెల హడావుడో తెలియదు.

తేలని ప్రశ్నలకు ఒక పేజీ

నోట్‌బుక్ మొదటి పేజీని ఖాళీగా ఉంచి, అందులో జవాబు దొరకని ప్రశ్నలు రాసుకోవాలి. వాటిని ప్రతినెలా చదువుతుంటే బయట తిరిగేటప్పుడు కళ్లు వాటికి జవాబు వెతుకుతూనే ఉంటాయి.

దీనికి మన దగ్గరే గొప్ప సాక్ష్యం ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేయడం మొదలుపెట్టారు. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ పోయాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. 1992లో మొదలైన ప్రయత్నం ఒక కదలిక దగ్గర ఆగిపోయింది. దాన్ని యంత్రంతో ఎలా చేయించాలో చాలాకాలం తేలలేదు. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక కర్మాగారంలో పనికి వెళ్లినప్పుడు, అక్కడి యంత్రం ఒకటి తిరుగుతున్న తీరులో ఆయనకు ఆ జవాబు దొరికింది. ఆ యంత్రానికీ చేనేతకూ సంబంధం లేదు. దాన్ని రోజూ ఎందరో చూస్తూనే ఉన్నారు. కానీ ప్రశ్నను ఏళ్ల తరబడి వెంట మోసుకు తిరిగింది ఆయన ఒక్కరే. తల్లి పేరుతో లక్ష్మి ఆసు యంత్రం వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకాలం ఒక ప్రశ్నను మనసులోనే సజీవంగా ఉంచుకోవడం అందరివల్లా కాదు. మిగతావాళ్లకు ఆ పని మొదటి పేజీ చేసిపెడుతుంది.

మన మెకానిక్ మొదటి పేజీలో రాసుకున్న ప్రశ్న: ‘మోటారు ఆగిన సంగతి, చెరువు దగ్గర లేని మనిషికి ఎలా తెలియాలి?’

గుంపు నుంచి ఎంపికకు

ఒక గుంపులో వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు రోజుల్లో వచ్చిన నమోదులు అయిదారు చేరాక దానికి ఒక పూర్తి పేజీ ఇవ్వాలి. అంతకుముందు ఇవ్వకూడదు. ఇక ఇప్పుడు ఐడియా రాసుకోవచ్చు. ఆ పేజీలో డబ్బు ఇచ్చేదెవరు, ఇప్పుడు వాళ్లకు పోతున్నదెంత, ఇది నిలబడాలంటే ఏది నిజం కావాలి, దాన్ని అతి తక్కువ ఖర్చుతో ఎలా పరీక్షించాలి, ఎన్నో తేదీకల్లా తేల్చాలి అన్నవి ఉండాలి.

మెకానిక్ మొదటి గుంపుకు రాసుకున్న ఎంపిక: రిపేరయ్యేదాకా అద్దెకు మోటారు ఇవ్వడం. లెక్క ఇలా వేసుకున్నాడు. ఒక మోటారు 12,000 అనుకుంటే, రోజుకు 250 అద్దెకు ఇస్తే, పెట్టుబడి తిరిగి రావడానికి 48 రోజులు అద్దెకు తిరగాలి. నోట్‌బుక్‌ ప్రకారం నెలలో 14 రిపేర్లు వచ్చాయి, ఒక్కోదానికి రెండు రోజుల ఎదురుచూపు. అంటే 28 రోజుల అవసరం. అందులో సగంమందే అద్దెకు తీసుకున్నా 14 రోజులు. రెండు మోటార్లు కొంటే ఒక్కోదానికి నెలకు ఏడు రోజులు. ఆ లెక్కన డబ్బు తిరిగి రావడానికి సుమారు ఏడు నెలలు పడుతుంది, చెరువులు ఎండబెట్టే రోజులు కలిస్తే ఇంకా ఎక్కువ. ఇవి మన ఊహా లెక్కలు. ఎవరి షాపులో వాళ్ల ధరలు వేసుకోవాలి. కానీ లెక్క వేయడానికి కావలసిన 14, రెండు అన్న సంఖ్యలు నోట్‌బుక్ ఇచ్చినవేనని గమనించండి. అవి లేకపోతే ‘బాగానే నడుస్తుంది’ అన్న ధీమా తప్ప చేతిలో ఏమీ ఉండేది కాదు.

లెక్కతో పాటు ఆ పేజీలో ఒక అడ్డంకీ బయటపడింది. ప్రివెంటర్‌ను తప్పించి నడిపే చెరువులో అద్దె మోటారు పెడితే అదీ మాడిపోతుంది. అంటే అద్దె మోటార్ల వ్యాపారం నిలబడాలంటే రెండో గుంపులోని ప్రశ్న ముందు తేలాలి. కరెంటు పోతే, ఫేజు పోతే యజమాని ఫోన్‌కు కాల్ చేసే పెట్టెలు ఇప్పటికే దొరుకుతున్నాయి. కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. వాటిని చెరువు దగ్గర బిగించి, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చూసి, సిమ్ రీచార్జి అయిపోకుండా చూసుకుని, రాత్రి కాల్ వస్తుందో లేదో నెలనెలా పరీక్షించే మనిషి ఉన్నాడా అన్నదే ప్రశ్న. మెకానిక్ ఇప్పుడు పరికరం అమ్మడం గురించి ఆలోచించడం లేదు, నమ్మకంగా చూసుకునే పని గురించి ఆలోచిస్తున్నాడు. మొదటి రోజు మనసుకు తట్టిన ‘ప్రివెంటర్లు అమ్మాలి’ నుంచి ఇక్కడికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

మూడో గుంపుకు పరీక్ష చాలా తేలిక. పట్టుబడికి దగ్గరపడిన అయిదుగురు రైతుల దగ్గరికి వెళ్లి, చెరువు ఎండబెట్టే రోజుల్లో గట్టు దగ్గరికే వచ్చి ఏరియేటర్లన్నీ విప్పి, బేరింగులు, సీళ్లు, గేర్ ఆయిల్ చూసి ఇస్తానని ఒక ధర చెప్పడం, 500 అడ్వాన్సు అడగడం. అయిదుగురూ బాగుందన్నారా అన్నది ముఖ్యం కాదు. అడ్వాన్సు ఎందరు ఇచ్చారన్నదే ముఖ్యం. పరీక్షకు ముందే ‘ముగ్గురు ఇస్తే ముందుకు, ఇద్దరికంటే తగ్గితే ఆపేయాలి, ఇద్దరే ఇస్తే ఇంకో అయిదుగురిని అడగాలి’ అని రాసిపెట్టుకోవాలి. ముందు రాయకపోతే, తర్వాత ఎంత తక్కువ వచ్చినా మనసు దానికేదో కారణం చెప్పి సమాధానపడుతుంది.

ఆపేసినదాన్ని కారణంతో ఆపాలి

పరీక్షలో నిలవని ఎంపికను కొట్టేయకండి. ‘ఎందుకు ఆపాను, ఏం మారితే మళ్లీ చూడాలి’ అని రెండు లైన్లు రాసి పక్కన పెట్టండి. ఈ రెండు లైన్ల విలువ నెట్‌ఫ్లిక్స్ పుట్టుకలో కనిపిస్తుంది.

1997లో మార్క్ రాండాల్ఫ్, రీడ్ హేస్టింగ్స్ కాలిఫోర్నియాలో ఒకే కారులో ఆఫీసుకు వెళ్తూ వస్తూ వ్యాపార ఆలోచనలు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఎవరి జుట్టుకు తగిన షాంపూ వాళ్లకు కలిపి పోస్టులో పంపడం, ఎవరికి కావలసిన బేస్‌బాల్ బ్యాట్ వాళ్లకు చేసివ్వడం, కుక్కకు తగిన మేత తయారుచేయడం, ఇలా ఎన్నో. ఒక్కోదాన్ని ఇద్దరూ లెక్కలతో పరీక్షించి పక్కన పెట్టేవారు. సినిమా క్యాసెట్లను పోస్టులో అద్దెకు పంపడం కూడా అలా పక్కన పెట్టినదే. క్యాసెట్ బరువెక్కువ, పంపే ఖర్చు ఎక్కువ అన్నది కారణం. అదే ఏడాది అమెరికా మార్కెట్లోకి డీవీడీ వచ్చింది. పలచగా, తేలిగ్గా ఉండే బిళ్ల. ఆపేసిన కారణం ఏదైతే ఉందో అదే పోయింది. నిజంగా పోయిందో లేదో చూడటానికి చేతిలో డీవీడీ లేక, పాటల సీడీ ఒకటి కొని, గ్రీటింగ్ కార్డు కవర్లో పెట్టి, మామూలు పోస్టులో హేస్టింగ్స్ ఇంటికి పంపుకున్నారు. 32 సెంట్ల స్టాంపుతో అది విరగకుండా మర్నాటికి చేరింది.

‘క్యాసెట్లు పోస్టులో పంపడం: పనికిరాదు’ అని మాత్రమే గుర్తుంచుకుని ఉంటే డీవీడీ వార్త వాళ్లకు ఒక కొత్త వస్తువు వార్తగానే మిగిలేది. ‘బరువు వల్ల ఆగింది’ అని తెలుసు కాబట్టే అది వాళ్ల కోసం వచ్చిన కబురైంది. మీ నోట్‌బుక్‌లో ఆగిన ఎంపికలు పది ఉంటే, ఏం మారాలో రాసిన లైన్లు పది ఉంటాయి. ఆ తర్వాత మీరు పేపరు చదివే తీరే మారిపోతుంది. ఒక కొత్త రోడ్డు, ఒక పన్ను మార్పు, ఒక యంత్రం ధర తగ్గడం, ఇవన్నీ మీ ఆగిన పేజీలలో ఏదో ఒకదాన్ని తట్టి లేపే అవకాశం ఉంది.

నోట్‌బుక్ చేయలేనివి

నోట్‌బుక్ మీరు తిరిగే దారులనే చూపిస్తుంది. మెకానిక్ నోట్‌బుక్‌లో మోటారు పాడైన రైతులే ఉంటారు. మోటారు పాడవని రైతులు ఏం చేస్తున్నారో అందులో ఉండదు. అందుకే నెలకు ఒకటి రెండుసార్లు మీ పనితో సంబంధం లేని చోటుకు, కావాలని, వెళ్లి రాయాలి. మెకానిక్ ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లొచ్చు, హేచరీకి వెళ్లొచ్చు.

అయిదారు నమోదులు ఒకేలా ఉన్నంత మాత్రాన మార్కెట్ పెద్దదని కాదు. ఏది అడగాలో నోట్‌బుక్ చెబుతుంది. ఎందరు కొంటారో చెప్పలేదు. అది పరీక్షలో డబ్బు చేతులు మారినప్పుడే తెలుస్తుంది.

ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఒక గీత గీసుకోవాలి. బజార్లో, బస్సులో, ఇంట్లో చూసింది మీది. సంస్థ లోపలి ధరలు, ఖాతాదారుల వివరాలు, ఇంకా బయటికి రాని పథకాలు మీవి కావు. వాటిని సొంత నోట్‌బుక్‌లో ఎక్కించకూడదు. అలాగే నమ్మకంతో ఎవరైనా చెప్పుకున్న అప్పులు, ఇంటి గొడవలు రాయకండి. వ్యాపారానికి కావలసింది ఆ ఇబ్బంది ఆకారమే, ఆ మనిషి గుట్టు కాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, రాయడమే పనైపోవడం. నోట్‌బుక్ నిండుతుంటే ఏదో చేస్తున్న తృప్తి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. మూడు నెలలు దాటినా ఒక్క ఎంపిక పేజీకీ పరీక్ష తేదీ లేకపోతే, కొత్త నమోదులు ఆ వారానికి ఆపి, ఉన్నవాటిలో అతి చవకగా పరీక్షించగలిగినది తీసుకుని గడప దాటాలి.

ఎంచుకునే రోజు

ఆరు నెలలకు మన మెకానిక్ నోట్‌బుక్‌లో ఏముంటుంది? నూరో నూటయాభయ్యో నమోదులు. వాటిలో చాలావరకు దేనికీ చేరనివి, అది సహజం. అయిదారు గుంపులు. మూడు ఎంపిక పేజీలు. వాటిలో అద్దె మోటార్లు ఆగి ఉన్నాయి, పక్కన ‘కాల్ చేసే పెట్టె పది చెరువుల్లో ఒక పంట మొత్తం సరిగ్గా పనిచేస్తే మళ్లీ చూడాలి’ అని ఉంది. కాల్ చేసే పెట్టె రెండు చెరువుల్లో పరీక్షలో ఉంది. పంటల మధ్య సర్వీసుకు అయిదుగురిలో నలుగురు అడ్వాన్సు ఇచ్చారు.

ఏది మొదలుపెట్టాలో ఇప్పుడు వాదన అక్కర్లేదు. సర్వీసుకు కొత్త పెట్టుబడి లేదు, చేతిలో ఉన్న పనితనమే చాలు, డబ్బు ముందే వచ్చింది. పైగా ఆ పని కోసం గట్టు గట్టుకూ తిరిగితే, ఏ కంపెనీ ఏరియేటర్లు ఎన్ని ఉన్నాయో, ఏ మోటారు ఏ గేర్‌బాక్స్‌కు సరిపోతుందో నమోదవుతుంది. రేపు అద్దెకు మోటార్లు కొనాల్సివస్తే ఏవి కొనాలో అదే చెబుతుంది. ఒక ఎంపిక నడుస్తూ తర్వాతిదానికి కావలసిన సమాచారం తెస్తోంది. ఇలా ఒకదానికొకటి దారి చూపే ఎంపికలు చేతిలో ఉన్నప్పుడు, మొదటిది తప్పినా మనిషి మళ్లీ మొదటికి రాడు.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ఇవాళే ఒక నమోదు రాయండి. ఎవరో ఒకరు దేనికోసమో ఎదురుచూస్తూ, లేదా దేనికో అతుకు వేసుకుంటూ కనిపించే ఉంటారు. వాళ్లు పోయినసారి ఏం చేశారో, దానికి ఎంతయిందో అడిగి, విన్నది విన్నట్టు ఎడమ పేజీ మీద పెట్టండి. కుడి పేజీకి నాలుగు నెలలు ఆగే ఓపిక మాత్రం ఉండాలి.